తేనెటీగ అని రాసింది, కానీ అది ఈగ

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎంటమాలజీ ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్లు, అంటే చూసి గుర్తుపట్టాల్సిన పురుగుల నమూనాలు, పది పెడితే మూడే సరిగ్గా రాసింది. సీనియర్ల దగ్గర తయారుగా ఉన్న పురుగుల పెట్టె కొనిచ్చాను, నాఫ్తలీన్ గోళీలు వేసినా అదీ బూజు పట్టింది. పురుగుల పేర్లే గుర్తుండని పిల్లకు ఈ చదువెందుకు, డ్రోన్ పైలట్ కోర్సులో చేర్పించు అని మా బావమరిది అంటున్నాడు. రెండింటినీ పోల్చి చెప్పగలరు. (ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు:

మీరు జతచేసిన జవాబు పత్రం ఫోటోను రెండుసార్లు చూశాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు చాలా ఏళ్లు ఇదే ప్రాక్టికల్ తరగతులు చెప్పినవాణ్ని కాబట్టి, మార్కుల కన్నా తప్పులను చూడడం నాకు అలవాటు. మీ అమ్మాయి చేసిన ఏడు తప్పుల్లో ఒక్కటి కూడా జ్ఞాపకశక్తికి సంబంధించినది కాదు. పేరు మరిచిపోయిన పిల్ల ఖాళీ వదిలేస్తుంది. ఈ అమ్మాయి ప్రతిచోటా ఒక పేరు రాసింది, అదీ బొమ్మలో అచ్చం అలాగే కనిపించే మరో పురుగు పేరు. బొమ్మలు బాగా గుర్తున్నాయి, కానీ లెన్స్ పట్టుకుని పురుగును భాగం భాగంగా చూసే అలవాటు ఇంకా కాలేదు. ఇది నయమయ్యే లోపమే, అదీ ఒక్క సెమిస్టర్‌లోనే.

రెండో స్పాటర్‌నే తీసుకుందాం. పసుపు, నలుపు పట్టీలున్న చిన్న పురుగు, పువ్వు మీద పట్టినట్టు చీటీ ఉంది, మీ అమ్మాయి తేనెటీగ అని, దాని వర్గం హైమెనోప్టెరా అని రాసింది. అది సిర్ఫిడ్ ఈగ, ఈగల వర్గమైన డిప్టెరాకు చెందినది. కుట్టే శక్తి లేని ఈ ఈగ తేనెటీగ వేషం వేసుకుని బతుకుతుంది కాబట్టి మొదటి చూపులో మోసపోవడం తప్పు కాదు, రెండో చూపు లేకపోవడమే తప్పు. తేనెటీగకు రెండు జతల రెక్కలు, ఈగకు ఒక జత అని తరగతిలో అందరికీ వచ్చు. అయితే తేనెటీగ వెనుక రెక్క అంచున వరుసగా ఉండే సన్నని కొక్కేలు ముందు రెక్కను పట్టుకుని ఉంటాయి, అందువల్ల ఎండిన నమూనాలో రెండు రెక్కలూ కలిసి ఒకటిగానే కనిపిస్తాయి. పిన్ను మొనతో మెల్లగా విడదీసి చూడనివారికి తేనెటీగకూ ఒక జతే లెక్కకు వస్తుంది. సిర్ఫిడ్ ఈగలోనైతే వెనుక రెక్కలు కుంచించుకుపోయి, గుండుసూది తలలాంటి రెండు చిన్న బొడిపెలుగా మిగిలాయి. వీటిని హాల్టియర్లు అంటారు, ఎగిరేటప్పుడు ఒళ్లు అదుపు తప్పకుండా చూసే అవయవాలు ఇవే. ముందు రెక్క మొదలుకు కొంచెం వెనుక, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి చూస్తే తప్ప కనిపించవు.

అందుకే నేను నా విద్యార్థులకు రెక్కల కన్నా ముందు తల చూడమనేవాణ్ని. తేనెటీగ స్పర్శశృంగం మోచేతిలా వంగి, చాలా ఖండాలతో పొడవుగా ఉంటుంది. సిర్ఫిడ్ ఈగకు మూడే పొట్టి ఖండాలు, చివరిదాని మీద ఒక సన్నని వెంట్రుక నిలిచి ఉంటుంది. ఈగ కళ్లు తలలో చాలా భాగాన్ని ఆక్రమిస్తాయి. మగ ఈగలో సాధారణంగా అవి నడినెత్తిన ఒకదానికొకటి తగులుతాయి. పది రెట్ల హ్యాండ్ లెన్స్ ఉంటే ఈ రెండూ అర నిమిషంలో తేలిపోతాయి, రెక్కలను ముట్టుకుని విరగ్గొట్టే ప్రమాదమూ ఉండదు. ఇక నడుము సంగతి ఒకటుంది, పిల్లలు దీన్ని దాదాపుగా ఎప్పుడూ తప్పుగానే గీస్తారు. తేనెటీగలోనూ కందిరీగలోనూ సన్నగా కనిపించే నడుము రొమ్ముకూ ఉదరానికీ మధ్య ఉందనుకుంటారు. నిజానికి ఉదరంలోని మొదటి ఖండం ముందుకు వెళ్లి రొమ్ముతో అతుక్కుపోయింది, నడుము ఉన్నది ఉదరపు మొదటి, రెండో ఖండాల మధ్యన. మీ అమ్మాయి పటంలోనూ ఈ పొరపాటే ఉంది, పరీక్షకులు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు.

ఏడో స్పాటర్ దీనికి జోడీ. ఆవ మొక్క మీది నల్లని పురుగును ఆమె గొంగళిపురుగు అనుకుని సీతాకోకచిలుకల వర్గమైన లెపిడోప్టెరా అని రాసింది. అది రంపపు ఈగ పిల్లపురుగు, పేరులో ఈగ ఉన్నా దాని వర్గం హైమెనోప్టెరా. రూపవిక్రియలో పిల్లదశను చూసి పెద్దపురుగు వర్గాన్ని చెప్పాలంటే ఇక్కడ ముందుగా కాళ్లు లెక్కపెట్టాలి. రొమ్ము కింద మూడు జతల అసలు కాళ్లు రెండింటికీ ఉంటాయి. తేడా ఉదరం కిందే ఉంది. గొంగళిపురుగుకు మెత్తని కాళ్లు అయిదు జతలకు మించవు, ఉదరపు మొదటి రెండు ఖండాలు ఖాళీగా ఉంటాయి, ప్రతి కాలి అడుగున చిన్న కొక్కేలు ఉంటాయి. ఆవ రంపపు ఈగ పిల్లకు ఎనిమిది జతలు, రెండో ఖండం నుంచే మొదలవుతాయి, కొక్కేలు ఉండవు. తలకు ఒక్కోవైపు ఒక్కటే చిన్న కన్ను ఉంటుంది, గొంగళిపురుగుకైతే అక్కడ చుక్కల గుంపు కనబడుతుంది. ఒక్క జాగ్రత్త అవసరం. పాకేటప్పుడు ఒళ్లు కమానులా వంచే కొన్ని గొంగళిపురుగులకు మెత్తని కాళ్లు రెండు మూడు జతలే ఉంటాయి కాబట్టి, ‘అయిదు లేవు, అందుకని గొంగళి కాదు’ అని రాస్తే అది మరో తప్పు అవుతుంది. అయిదుకు మించాయా లేదా అన్నదే ప్రశ్న.

మిగతావాటిలో ఒకటి పత్తి కాయ మీది రెడ్ కాటన్ బగ్ పిల్ల. దానికి రెక్కలు లేవు కాబట్టి లార్వా అని రాసింది. నల్లి జాతుల్లో పిల్ల పెద్దదానిలాగే ఉంటుంది, ప్యూపా దశ ఉండదు, పెరిగేకొద్దీ వీపు మీద రెక్కల మొగ్గలు బయటికి కనిపిస్తాయి, దాన్ని నింఫ్ అనాలి. తిప్పి చూస్తే తల కింద వెనక్కి మడిచిన సూదిలాంటి ముక్కు ఉంది, నల్లుల వర్గమైన హెమిప్టెరాను గుర్తుపట్టడానికి అదొక్కటే చాలు. పెంకుపురుగు అని రాసిన ఆకుపచ్చ కంపునల్లిలోనూ అదే ముక్కు ఉంది, పైగా రెక్కల చివరి సగం పలుచని పొర. పెంకుపురుగు రెక్కలు వీపు మధ్యన తిన్నగా ఒకే గీత మీద కలుస్తాయి.

ఇప్పుడు పెట్టె గురించి, కొంచెం కటువుగా చెబుతున్నందుకు మన్నించండి. ఆ పెట్టె కొనివ్వడం మీరు చేసిన తప్పు. డబ్బు పోయిందని కాదు, ఈ లక్షణాలన్నీ పిల్ల చేతికి అందే దారి మీ వల్లే మూసుకుపోయింది. పెంకుపురుగుకు పిన్ను కుడి రెక్క మీదే గుచ్చుతారు, ఎడమ సగం చెక్కుచెదరకుండా ఉండి గుర్తింపుకు పనికిరావాలని. ఈ విషయం చేత్తో గుచ్చినవారు మరిచిపోరు. కొన్న పెట్టెలో ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ మొక్క మీద పట్టారో రాసిన చీటీలు ఆమెవి కావు, అందువల్ల ఆ పురుగులతో ఆమెకు పరిచయమే లేదు. ఇక బూజు అంటారా, వానాకాలంలో తడి ఆరని నమూనాలను మూతపెడితే పట్టక ఏమవుతుంది? నాఫ్తలీన్ గోళీలు వేశామన్నారు. అవి నమూనాలను తినే పురుగులను దూరంగా ఉంచడానికే, బూజును ఆపవు. గుచ్చిన తరువాత నీడన, గాలి తగిలేచోట చాలా రోజులు ఎండనిచ్చాకే పెట్టెలో పెట్టాలి. మెత్తని పిల్లపురుగులను అసలు పిన్నుకు గుచ్చకూడదు, బాగా కాగిన నీళ్లలో ముంచి తీసి 70 శాతం ఆల్కహాల్ సీసాలో వేయాలి, లేకపోతే నల్లబడి గుర్తింపుకు పనికిరావు. నేను మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు మా ల్యాబ్‌లో ఈ మాట ఎవరూ చెప్పలేదు, నా సీసాలో గొంగళిపురుగులన్నీ బొగ్గుల్లా మారాయి, మార్కులు మాత్రం నాకే తగ్గాయి.

డ్రోన్ కోర్సుతో పోల్చి చెప్పమన్నారు. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందితే సరిపోతుంది. అది చెడ్డ పని అని నేను అనను, మా బంధువుల్లోనే ఒకరు చేస్తున్నారు. కానీ నా అనుమానం వేరు. ఇంత తక్కువ అర్హతతో దొరికే పనికి పోటీ పెరగడానికి ఎంతో కాలం పట్టదు. పైగా డ్రోన్ మందు చల్లగలదే గాని ఏం చల్లాలో, అసలు చల్లాలో వద్దో చెప్పలేదు. చిక్కుడు పాదు నిండా నల్లని పేనుబంక పట్టిందనుకోండి. దాని మధ్య పాకుతున్న కాళ్లులేని ఆకుపచ్చ పురుగును చూసి ‘ఇదీ తెగులే’ అని మందు కొట్టించేవారిని నేను చాలామందిని చూశాను. అది సిర్ఫిడ్ ఈగ పిల్ల, పేనుబంకను పైకెత్తి పట్టుకుని రసం పీల్చి తొక్క వదిలేస్తుంది. మందు కొట్టిన పొలంలో పేనుబంక త్వరగానే తిరిగి వస్తుంది, ఈ పిల్లలు అంత త్వరగా రావు. రైతుకు ఆ ఒక్క మాట చెప్పగలిగినవారి పక్కన డ్రోన్ ఒక సాధనం మాత్రమే. మీ అమ్మాయి కావాలనుకుంటే డిగ్రీ అయ్యాకో, సెలవుల్లోనో అది నేర్చుకోవచ్చు, ఇప్పుడు చదువు మాన్పించడానికి అది కారణం కాకూడదు.

ఈ శీతాకాలంలో మీ ఇంట్లోనో పక్కింట్లోనో చిక్కుడు పాదుకు పేను పట్టినప్పుడు, దాని మీద బూడిద చల్లేలోపు ఒక కొమ్మను మీ అమ్మాయికి ఇవ్వండి. కాళ్లులేని పురుగు ఉన్న ఆకును గాజు సీసాలో పెట్టి, మూతకు బదులు పలుచని గుడ్డ కట్టి, ప్రతిరోజూ పేను ఉన్న కొత్త రెమ్మ వేయమనండి. కొన్నాళ్లకు అది కన్నీటిబొట్టు ఆకారంలో గట్టిపడి ఆకుకు అతుక్కుంటుంది, తన చివరి తొక్కనే పెట్టెగా చేసుకుని లోపల ప్యూపాగా మారుతుంది. చాలావరకు అందులోంచి ఈగే వస్తుంది, అప్పుడు స్పర్శశృంగమూ హాల్టియర్లూ తాజాగా చూడవచ్చు. అప్పుడప్పుడు మాత్రం ఈగ రాదు, సన్నని నడుముతో, పొడుగాటి స్పర్శశృంగాలతో, నాలుగు రెక్కలున్న చిన్న పురుగొకటి ఆ పెట్టెకు రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. పెంపకంలో పొరపాటు జరిగిందనుకుని దాన్ని పారేయవద్దని చెప్పండి. అది ఈగ పిల్లను లోపలినుంచి తిని పెరిగిన పరాన్నజీవి కందిరీగ. దాన్ని ఏ వర్గంలో రాయాలో మీ అమ్మాయినే అడిగి చూడండి.