‘ఏసీసినాడంట’లోని ‘అంట’ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: విజయనగరం కోర్టు కేసులకు తర్జుమాలు చేస్తుంటాను. ఒక కొట్లాట కేసులో సాక్షి మాట ఇలా రాసుంది: “మాపటేల కల్లం కాడ ఉన్నాం. గొడవయిందంట, పరిగెట్టుకెల్లినాను. అప్పటికే కర్రతో ఏసీసినాడంట. నానెల్లేతలికి పడున్నాడు. రగతం.” దీన్ని చక్కటి ఇంగ్లీషులో పెట్టాను. సీనియర్ వకీలుగారు “సాక్షి చెప్పింది ఇది కాదు” అని వెనక్కి పంపారు. నా తర్జుమా కాగితం జతచేస్తున్నాను. యాసను ఎంతవరకు దిద్దవచ్చు?

జవాబు: మీ ఇంగ్లీషును మళ్లీ తెలుగులోకి తిప్పి చూశాను. ఇలా వచ్చింది: “రాత్రి కళ్లంలో ఉండగా గొడవ విని పరుగెత్తాను. అప్పటికే ముద్దాయి అతణ్ణి కర్రతో బలంగా కొట్టాడు. నేను చేరేసరికి అతడు రక్తపు మడుగులో పడి ఉన్నాడు.” చదవడానికి బాగానే ఉంది. వకీలుగారి మాట మాత్రం నిజం.

అన్నిటికన్నా పెద్ద నష్టం ‘అంట’ది. రెండుసార్లు వచ్చిన ఆ మాట మీ కాగితంలో ఒక్కసారీ లేదు. ‘ఏసీసినాడు’ అంటే కొట్టేశాడు. ‘ఏసీసినాడంట’ అంటే కొట్టేశాడని ఎవరో అనగా తెలిసింది. చూసిన సంగతిని చూసినవాడే చెప్పాలన్నది భారతీయ సాక్ష్య అధినియం 55వ సెక్షను. దెబ్బ పడడం తాను చూడలేదని ఈ సాక్షి ఆ రెండక్షరాలతో ముందే చెప్పేశాడు. మీరు వాటిని తీసేసి అతణ్ణి ప్రత్యక్షసాక్షిని చేశారు. రేపు బోనులో “నాను సూడలేదు, అన్నారు” అంటాడు. అవతలి వకీలు మీ తర్జుమా తీసి, 148వ సెక్షను కింద పాత మాట చూపించి నిలదీస్తాడు. మాట మార్చింది మీరు, అబద్ధాలకోరు అనిపించుకునేది అతను.

‘అంట’కు ఇంగ్లీషు ఏమిటన్నది అసలు చిక్కు. మనవాళ్లు అలవాటుగా ‘ఇట్ సీమ్స్’ అంటారు. మనం మనం మాట్లాడుకునేటప్పుడు అది చెల్లుతుంది. తెలుగు రాని న్యాయమూర్తి దాన్ని ‘నాకు అలా అనిపిస్తోంది’ అని చదువుకుంటారు. విన్నమాట కాస్తా సాక్షి ఊహ అయిపోతుంది. ‘ఐ వాజ్ టోల్డ్’ అంటే ఎవరో తనకే నేరుగా చెప్పారన్నట్టు ఉంటుంది. తెలుగులో ఆ హామీ లేదు. ‘అలెజ్డ్‌లీ’ వకీలు మాట, పల్లెటూరి సాక్షి నోట పెట్టకూడదు. నా ఓటు ‘ఇట్ ఈజ్ సెడ్’కే. కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది, ఉండనివ్వండి. రెండుచోట్లా అదే వాడండి. ఒకచోట ఒకటి, మరోచోట మరొకటి పెడితే సాక్షే తేడాగా చెప్పాడనుకుంటారు.

తర్వాత ‘ముద్దాయి’. సాక్షి ఎవరి పేరూ ఎత్తలేదు. క్రియ చివరి ‘డు’ వల్ల ఒక మగవాడని తెలుస్తోంది, అంతే. ఇంగ్లీషుకు కర్త కావాలి కాబట్టి ‘హీ’ పెట్టండి, దానికి ఆధారం క్రియలోనే ఉంది. కొట్టించుకున్నవాడి ప్రస్తావన ఆ వాక్యంలో లేదు కనుక ‘హిమ్’ను చదరపు బ్రాకెట్లలో పెట్టండి. అది మీరు చేర్చిన మాట అని తెలియాలి. ‘ముద్దాయి’ అని తేల్చడం కోర్టు పని.

‘బలంగా’ ఎక్కడిదో ఊహించగలను. ‘ఏసీసి’ చెవికి గట్టిగా వినిపించి ఉంటుంది. అది మన ‘వేసేసి’యే, పని అయిపోయిందని చెబుతుంది కాని దెబ్బ బరువు చెప్పదు. శ్రీకాకుళం, విజయనగరాల్లో అన్నం తినీసినాను అంటే కసిగా తిన్నానని కాదు కదా. పక్కమాట మీద కూడా కన్నుండాలి: కర్రతో ఏసినాడంటే కొట్టాడు, రాయి ఏసినాడంటే విసిరాడు. ‘మాపు’ పొద్దువాలిన దగ్గర్నుంచి రాత్రి దాకా సాగే మాట. ముఖాలు కనబడే వెలుతురుందా లేదా అన్నది కేసులో తేలాల్సినప్పుడు దాన్ని ‘రాత్రి’ అని బిగించకండి. మూలంలోని మాటను అలాగే ఉంచి, అర్థపు పరిధిని అడుగున ఒక వాక్యంలో రాయండి. ‘కల్లం’కూ అంతే.

అలాగని ‘నాను’, ‘ఎల్లినాను’ చూసి తప్పుల ఇంగ్లీషు రాయకండి. అవి ఆ ప్రాంతపు వ్యాకరణం ప్రకారం సరైన రూపాలే. వాటికి సరైన, సాదా ఇంగ్లీషే పెట్టాలి. కాపాడవలసింది ఉచ్చారణను కాదు, వాక్యాల పొట్టితనాన్ని, వరసను, తెగిపోయిన చోటును. ‘రగతం’ దగ్గర సాక్షి ఆగిపోయాడు. ఇంగ్లీషులోనూ ఆ ఒక్క మాటే పెట్టి చుక్క పెట్టండి. మడుగు పోలీసు కాగితాల అలవాటు, అతను చెప్పలేదు.

ఒక్క జాగ్రత్త. పోలీసులు రాసుకున్న వాంగ్మూలాల్లో చాలావాటిలో సాక్షి యాస ముందే పోయి, ‘చూచితిని’, ‘తెలియజేసితిని’ అని ఉంటుంది. అప్పుడు అతను ఇలా అని ఉంటాడని ఊహించి యాసను వెనక్కి తేవద్దు. కాగితం మీద ‘చూచితిని’ అని ఉంటే తర్జుమా కూడా ‘చూశాను’ అనే చెప్పాలి, ఆ మాట రాసినవారి కలానిదని మీకు ఎంత అనుమానం ఉన్నా సరే.