ఆ ఎనిమిదేళ్లు ఇద్దరికీ వస్తాయి

“సర్, మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగే గానీ మా అబ్బాయి మొదటినుంచీ ఒడియా మీడియంలోనే చదివాడు. ఇప్పుడు ప్లస్ త్రీ డిగ్రీ రెండో ఏడాది. రైల్వే ఎన్టీపీసీ కోసం మాక్ టెస్టులు రాస్తున్నాడు. వయసుల లెక్కలు ప్రతిసారీ పోతున్నాయి. చదువు ఆపించి విశాఖలో హాస్టల్ కోచింగ్‌లో వేద్దామంటున్నారు మావారు. అక్కడ పది సెకన్లలో చేసే షార్ట్‌కట్లు నేర్పుతారట. విశాఖ మంచిదా, బరంపురం మంచిదా? అసలు వీడికి లెక్కల బుర్ర ఉందంటారా? వాడి రఫ్ పేజీ ఫొటో పంపుతున్నాను.”

అమ్మా, బుర్ర ఉంది. ఆ రఫ్ పేజీ చూసే చెబుతున్నాను. చాలామంది తల్లిదండ్రులు నాకు మార్కుల లిస్టు పంపుతారు, అందులో నాకేమీ కనపడదు. మీరు పేజీ పంపారు కాబట్టి మాట్లాడుకోవడానికి ఏదో దొరికింది.

అందులో మీవాడు తప్పు పెట్టిన లెక్క ఇది. మేనమామ, మేనల్లుడి ప్రస్తుత వయసుల నిష్పత్తి 5:3. 8 ఏళ్ల తర్వాత ఇద్దరి వయసుల మొత్తం 72. ఇప్పుడు మేనమామ వయసెంత? ఇచ్చిన జవాబులు 35, 40, 43, 45. మీవాడు 40 పెట్టాడు. ఎలా వచ్చిందో పక్కనే రాసుకున్నాడు:

5x + 3x + 8 = 72
8x = 64
x = 8, మామ 40

నిష్పత్తిని 5x, 3x అని పెట్టుకోవడం సరిగ్గానే ఉంది. 72 లోంచి తీసేయడం, 8తో భాగించడం, ఐదుతో గుణించడం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఒక్కచోటే ఉంది. మామకి ఎనిమిదేళ్లు గడిస్తే మేనల్లుడికీ గడుస్తాయి కదా, వాడు ఒకరికే కలిపాడు. రెండో 8 కూడా రాసి ఉంటే 8x + 16 = 72 అయ్యేది, అప్పుడు 8x = 56, x = 7. మామకి 35, మేనల్లుడికి 21. ఎనిమిదేళ్లు పోయాక 43, 29. కలిపితే 72.

ఇది వాడికి అర్థమయిందో లేదో మీరే వంటింట్లో నిలబడి తేల్చుకోవచ్చు, దానికి మాస్టారు అక్కర్లేదు. “నీ వయసూ నా వయసూ కలిపితే ఎంతరా?” అని అడగండి. చెప్పాక “వచ్చే ఏడాది ఇదే రోజుకి ఎంతవుతుంది?” అనండి. ఒకటి కలిపి చెప్పాడంటే మన జబ్బు అక్కడే ఉంది. రెండు కలిపితే మీ ఆయన్ని కూడా లెక్కలోకి తీసుకుని “ముగ్గురికీ కలిపి ఐదేళ్ల తర్వాత ఎంత పెరుగుతుంది?” అని అడగండి. పదిహేను అని ఠక్కున అనాలి. ఎంతమంది ఉంటే అన్నిసార్లు ఏళ్లు కలపాలన్నది వాడికి తెలియక కాదు. మొత్తం అనే మాట కనపడగానే ఇద్దరు మనుషులు వాడి కళ్లముందు ఒక మూటైపోతున్నారు, ఆ మూటకి ఒక్కసారే 8 కలుపుతున్నాడు.

అందుకని మూట కట్టకముందే ఒక్కొక్కరి వయసు విడిగా రాయమనండి. పై వరుసలో ఇప్పటి వయసులు 5x, 3x. కింది వరుసలో 8 ఏళ్ల తర్వాతవి 5x + 8, 3x + 8. మొత్తం అనే మాట కింది వరుసకు సంబంధించింది కాబట్టి ఆ వరుసలో ఉన్నవే కూడాలి. రాయడానికి పట్టే టైము ఎంతో కాదు. పెన్ను ఆ రెండో వరుస రాసిందంటే రెండో 8 తనంతట తనే వచ్చేస్తుంది.

ఇప్పుడు ఆ నాలుగు జవాబుల సంగతి చూడండి. ప్రశ్న రాసినవాడు వాటిని ఊరికే పెట్టలేదు. 40 మీవాడి దారిలో వస్తుంది. 72 ని నేరుగా 5:3 లో పంచేస్తే 45 వస్తుంది. అలా పంచే పిల్లలు ఎనిమిదేళ్ల తర్వాత కూడా నిష్పత్తి 5:3 గానే ఉంటుందనుకుంటారు. ఉండదు. ఇద్దరి మధ్య తేడా ఎప్పటికీ 14 ఏళ్లే, నిష్పత్తి మాత్రం మారుతూ పోతుంది. అప్పటికి అది 43:29. ఆ 43 ఏమిటంటే, లెక్కంతా సరిగ్గా చేసి ఇప్పటి వయసుకు బదులు అప్పటి వయసు పెట్టేసేవాళ్ల కోసం వేసిన వల.

వీటిలో 40, 45 నిండు సంఖ్యలుగా రావడం యాదృచ్ఛికం కాదు. నిష్పత్తి భాగాలు కలిపితే 8, ఏళ్లు 8, మొత్తం 72. ఏ దారిన పోయినా 8తో భాగారం శేషం లేకుండా పోతుంది. అదే నిష్పత్తి 7:3, ఏళ్లు 6, మొత్తం 72 అని ఉంటే ఒకసారే కలిపిన పిల్లాడికి x = 6.6 వస్తుంది, వయసు 46.2 అవుతుంది, ఎక్కడో తప్పిందని వాడికే తెలుస్తుంది. మీవాడి లెక్కలో అలా తట్టే అవకాశం లేదు. నిండు సంఖ్య వచ్చింది, ఆప్షన్లలో ఉంది, ధైర్యంగా పెట్టాడు. తప్పుకి మూడోవంతు మార్కు కోసే పరీక్షలో అలాంటి ధైర్యానికి ఖర్చుంటుంది.

వచ్చిన జవాబుని మళ్లీ ప్రశ్నలో పెట్టి చూస్తే ఇది దొరికిపోతుంది. 40 అయితే మేనల్లుడికి 24. ఎనిమిదేళ్లకి 48, 32, మొత్తం 80. కావలసిన దానికన్నా సరిగ్గా 8 ఎక్కువ, అంటే ఒకరి ఏళ్లు మరిచిపోయాడు. 45 అయితే 53, 35, మొత్తం 88. 16 ఎక్కువ, ఇద్దరి ఏళ్లూ మరిచిపోయాడన్నమాట. ఎంత తప్పిందో చూస్తే ఎందుకు తప్పిందో తెలిసిపోతుంది. ఈ రకం లెక్కల్లో నాకు భలే నచ్చే సంగతి ఇది.

ఇక ఆ పది సెకన్ల షార్ట్‌కట్లు. నేనూ ఒకప్పుడు రెండేళ్లు ఒక కోచింగ్‌లో అవే చెప్పాను, కాబట్టి పక్కింటివాడిలా మాట్లాడటం లేదు. వయసుల మీద రెండు షార్ట్‌కట్లు బాగా చలామణిలో ఉన్నాయి. మొదటిది: నిష్పత్తిలో మామ భాగం 5 కాబట్టి 5తో భాగారం పోని ఆప్షన్లన్నీ కొట్టెయ్. ఈ లెక్కలో కొట్టేస్తే 43 ఒక్కటే పోతుంది. 35, 40, 45 మూడూ మిగులుతాయి. అంటే తప్పుదారులు రెండూ అక్కడే ఉన్నాయి. ప్రశ్న రాసేవాళ్లకీ ఈ షార్ట్‌కట్ తెలుసమ్మా.

రెండోది: ఇప్పుడు 5:3, ఎనిమిదేళ్లకి 7:5 అని రెండు నిష్పత్తులు ఇస్తే, రెండువైపులా 2 భాగాలు పెరిగాయి, ఆ 2 భాగాలే 8 ఏళ్లు, కాబట్టి ఒక భాగం 4, వయసులు 20, 12. నిజంగానే బాగుంటుంది. కానీ రెండు నిష్పత్తుల్లోనూ తేడా ఒకటే ఉన్నప్పుడే అది నేరుగా పని చేస్తుంది. పైగా మీవాడి లెక్కలో రెండో నిష్పత్తే లేదు, మొత్తం ఉంది. నా దగ్గర ఈ షార్ట్‌కట్ కంఠతా పట్టిన పిల్లలు మొత్తం ఇచ్చిన ప్రశ్న వస్తే లేని రెండో నిష్పత్తి కోసం వెతుకుతూ కూర్చునేవాళ్లు. సమీకరణం రాయమంటే “అది స్కూలు పద్ధతి సర్” అనేవాళ్లు. ఆ మాట వాళ్ల నోట పెట్టింది నేనే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. షార్ట్‌కట్లు చెడ్డవని అనను. సమీకరణం చేతికి వచ్చినవాడు దాన్ని తనంతట తనే కుదించుకుంటాడు. నెలరోజుల్లో మీవాడు 72 లోంచి 16 తీసి, 8తో భాగించి, ఐదుతో గుణించి మనసులోనే 35 అనేస్తాడు. అది వాడి సొంత షార్ట్‌కట్ అవుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఒక్క 8 రాయని పిల్లాడిని డిగ్రీ మాన్పించి ఊరు దాటించాలన్న ఆలోచన ఏ లెక్కకీ అందదు. ఎన్టీపీసీలో స్టేషన్ మాస్టరు లాంటి పెద్ద ఉద్యోగాలకి డిగ్రీ కావాలని మీ ఆయనకి తెలియదా? ప్లస్ టూతో వచ్చేవి క్లర్కు స్థాయివి. చదువు మాన్పిస్తే పై తలుపు మీ చేతులతో మీరే మూసినట్టు. వయసుల లెక్క పోయిన ప్రతిసారీ ఇంట్లో “వీడికి బుర్ర లేదు” అన్న మాట వినబడి ఉంటుంది, మీ ఉత్తరంలో అది దాగలేదు. ఆ మాట విన్న పిల్లాడు తప్పు ఎక్కడో చూసుకోడు, పేజీ తిప్పేస్తాడు. ఆ మాట మానేయండి, ఇద్దరూ.

విశాఖా, బరంపురమా అన్నదానికి నేను పెద్ద పోలికలు చెప్పను. ఒక్కటి మాత్రం ఆలోచించండి. మీవాడు ఒడియాలో నిష్పత్తిని అనుపాత అని నేర్చుకున్నాడు. తెలుగు క్లాసులో అనుపాతం అంటే వేరు, రెండు నిష్పత్తులు సమానమవడం. దాన్ని ఒడియాలో సమానుపాత అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కదా అని విశాఖ తెలుగు క్లాసులో కూర్చోబెడితే మొదటివారమే ఈ తికమక. రైల్వే పరీక్ష ఒడియాలోనూ రాయొచ్చు, తెలుగులోనూ రాయొచ్చు. దరఖాస్తులో లెక్కలు నేర్చుకున్న భాషే పెట్టమనండి. ఈ ఏడాదిన్నర ఇంట్లోనే ఉండి ప్లస్ త్రీ పూర్తి చేయనివ్వండి. సెలవుల్లో క్లాసులు కావాలంటే బరంపురం చాలు, ఒడియాలో చెప్పేవాళ్లు దొరుకుతారు.

ఈ ఆదివారం వాడికి ఈ లెక్క ఇవ్వండి. 4 ఏళ్ల క్రితం తల్లీ కూతుళ్ల వయసుల నిష్పత్తి 3:1. 6 ఏళ్ల తర్వాత వాళ్ల వయసుల మొత్తం 68 అవుతుంది. ఇప్పుడు తల్లి వయసెంత? ఇందులో నిష్పత్తి ఇప్పటిది కాదు, గడిచిపోయినది. x ని నిష్పత్తి ఎప్పటిదో అప్పటికే తగిలించాలి: 4 ఏళ్ల క్రితం 3x, x. అక్కడినుంచి 6 ఏళ్ల తర్వాతకి గడిచేది పదేళ్లు, ఇద్దరికి ఇరవై. 4x + 20 = 68, x = 12. తల్లికి అప్పుడు 36, ఇప్పుడు 40.

వాడు 36 దగ్గర ఆగిపోతే తిట్టకండి, ప్రశ్న చివరి వాక్యం ఇంకోసారి చదవమనండి చాలు. 4x + 12 = 68 అని రాసి x = 14 తెచ్చాడంటే మాత్రం రెండోవాళ్లకి ఏళ్లు కలపడం కాదు, 4 ఏళ్ల వెనక్కి వెళ్లడం మరిచిపోయాడు. అప్పుడు మూడు వరుసలు రాయమనండి: అప్పుడు, ఇప్పుడు, తర్వాత. జవాబు ఏదొచ్చినా సరే, ఆ మూడు వరుసల ఫొటో నాకు పంపించండి. ఈసారి వాడినే పంపమనండి.