“మిగిలినవాటిలో సగం కంటే 5 తక్కువ”: చిన్నోడి లెక్క గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

నిన్న ఫోన్లో చిన్నోడు పుస్తకం ముందు కూర్చుని ఏడ్చేశాడని చెప్పావు, అప్పటి నుంచి మనసంతా వాడి మీదే ఉంది. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసుకుని చూశాను. వాడికి లెక్క రాక కాదు, ఆ ఇంగ్లీషు వాక్యం విప్పుకోవడం రాక ఆగిపోయాడు. గుంటూరులో ముప్పై ఏళ్లు ఏడో తరగతికి లెక్కలు చెప్పాను కాబట్టి ఈ ఒక్క లెక్కనే పట్టుకుని వివరంగా రాస్తున్నాను. రాత్రికి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చేయించు.

ముందు లెక్క ఏమిటో చూద్దాం. ఒక మిర్చి వ్యాపారి దగ్గర కొన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయి. సోమవారం వాటిలో ‘టూ ఫిఫ్త్స్’ అమ్మాడు. మంగళవారం ‘ఫైవ్ లెస్ దాన్ హాఫ్ ఆఫ్ ద రిమైండర్’ అమ్మాడు. ఇంకా 80 టిక్కీలు మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి? అంతే.

నువ్వు చేసిన పని చూశాను, ఒక్కో ఇంగ్లీషు మాట కింద తెలుగు మాట రాసుకుంటూ పోయావు. ‘రిమైండర్’ కింద ‘శేషం’ అని రాశావు. డిక్షనరీలో ఆ మాటే ఉంటుంది, తప్పు కాదు, కానీ చిన్నోడికి శేషం అంటే భాగహారంలో చివర మిగిలేది. అందుకే వాడు 80ని 5తో భాగించడం మొదలుపెట్టాడు, పేజీ మూలన ఆ రఫ్ వర్కు కనిపిస్తోంది. ఇక్కడ ‘మిగిలినవి’ అంటే చాలు. లెక్కని తెలుగులోకి మార్చేటప్పుడు మాటకు మాట వద్దు, మన మిర్చి యార్డులో ఎవరైనా ఆ సంగతి చెప్పాల్సి వస్తే ఎలా చెబుతారో అలా చెప్పించు. ఒక వాక్యంలో ఒకే పని జరగాలి, ఆ వాక్యం పక్కనే దాని లెక్క రాయాలి.

ఇప్పుడు మంగళవారం వాక్యం దగ్గర కాసేపు ఆగు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంగ్లీషులో ముందు ‘ఫైవ్’ వస్తుంది, తర్వాత ‘లెస్’, తర్వాత ‘హాఫ్’, అన్నిటికన్నా చివర ‘రిమైండర్’. పిల్లాడు ఎడమ నుంచి కుడికి చదువుతూ వరసగా రాసేస్తాడు, ముందు 5, తర్వాత మైనస్, తర్వాత సగం. అది తిరగబడిపోయింది. తెలుగులో అదే మాట చెప్పి చూడు: మిగిలినవాటిలో, సగం కంటే, 5 తక్కువ. చేయాల్సిన పని కూడా సరిగ్గా అదే వరసలో ఉంది కదా, ముందు మిగిలినవి ఎన్నో తేల్చుకోవాలి, తర్వాత సగం చేయాలి, చివర 5 తీసేయాలి. మన వాక్యం లెక్క నడిచే దారినే నడుస్తుంది. అందుకే ‘లెస్ దాన్’, ‘మోర్ దాన్’, ‘ఆఫ్’ ఉన్న వాక్యం కనబడితే దాన్ని చివరి నుంచి వెనక్కి చదువుతూ తెలుగులో చెప్పమను. పది లెక్కలు అలా చేస్తే ఇంగ్లీషు వాక్యం చూడగానే వాడి చూపు దానంతటదే చివరికి వెళుతుంది.

కానీ భిన్నాల దగ్గర తెలుగే ఇబ్బంది పెడుతుంది, అది నీకు తెలియాలి. ‘టూ ఫిఫ్త్స్’ని మనం ‘అయిదింట రెండు వంతులు’ అంటాం. అయిదు ముందు వినబడింది కాబట్టి పిల్లలు పైన 5, కింద 2 వేస్తారు, నా క్లాసులో ఏటా కొందరు వేసేవాళ్లే. లవం, హారం అని గుర్తు చేస్తే ఆ రోజుకి సరిదిద్దుకుంటారు, మళ్లీ వారం తర్వాత అదే తప్పు. దానికి బదులు ‘అయిదు సమాన వాటాలు వేసి, రెండు వాటాలు అమ్మాడు’ అని పూర్తిగా చెప్పించు. అలా చెప్పినవాడు 5/2 రాయడు, రాసినా ‘ఉన్నవాటికంటే ఎక్కువ ఎలా అమ్మాడు?’ అని నువ్వు అడగ్గానే పట్టుకుంటాడు.

సరే, ఇప్పుడు పని మొదలుపెట్టించు. నోటు పుస్తకంలో పేజీ మధ్యలో నిలువుగా గీత గీయించు, ఎడమ పక్క తెలుగు వాక్యం, కుడి పక్క లెక్క. మొదటి వాక్యం, వ్యాపారి దగ్గర కొన్ని టిక్కీలు ఉన్నాయి. ఎన్నో తెలియదు కాబట్టి కుడి పక్క x. రెండో వాక్యం, సోమవారం అయిదు వాటాల్లో రెండు అమ్మాడు. కుడి పక్క 2x/5. ఇక్కడ ఇంగ్లీషులో లేని వాక్యం ఒకటి మనం చేర్చాలి: ‘కాబట్టి మూడు వాటాలు మిగిలాయి’, దాని పక్కన 3x/5. ఈ వాక్యం పుస్తకంలో ఉండదు, కానీ ఇది రాయకపోతే మంగళవారం వాక్యంలో ‘మిగిలినవి’ అనే మాటకి పట్టు దొరకదు. తర్వాత, మిగిలినవాటిలో సగం కంటే 5 తక్కువ అమ్మాడు. 3x/5లో సగం 3x/10, అందులోంచి 5 పోతే 3x/10 − 5. చివరి వాక్యం, అది కూడా పోగా 80 మిగిలాయి.

3x/5 − (3x/10 − 5) = 80

ఆ బ్రాకెట్ వేయించడం మర్చిపోకు. మంగళవారం అమ్మినది మొత్తం ఒక మూట, ఆ మూటంతా తీసేస్తున్నాం. బ్రాకెట్ విప్పితే 5 ముందు ప్లస్ వస్తుంది, పిల్లలకి అది మింగుడుపడదు, తీసేస్తుంటే కలపడం ఏమిటి అని అడుగుతారు. వాడికి ఇలా చెప్పు: సగం అమ్మాల్సినవాడు 5 తక్కువ అమ్మాడు, మరి ఆ 5 ఎక్కడికి పోయాయి? వ్యాపారి దగ్గరే ఉండిపోయాయి. అందుకే మిగిలినవాటిలో 5 కలిసింది. ఈ మాట అర్థమైతే గుర్తుల సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

అప్పుడు 3x/10 + 5 = 80 అవుతుంది. 5 అటు పంపిస్తే 3x/10 = 75. పదో వాటాలు మూడు కలిపితే 75 కాబట్టి ఒక్కోటి 25, పది కలిపితే 250. మొదట 250 టిక్కీలు.

x అంటే వాడు బెదురుతుంటే ఈ పూటకి దాన్ని పక్కన పెట్టు. అయిదు గళ్లు గీయించు, రెండు కొట్టేయించు, మూడు మిగులుతాయి. మూడింటిలో సగం అంటే ఒకటిన్నర గడి. మంగళవారం తర్వాత ఒకటిన్నర గడి, పైన 5 టిక్కీలు మిగిలాయి, అది 80. అంటే ఒకటిన్నర గడి 75, ఒక గడి 50, అయిదు గళ్లు 250. రెండు దారుల్లోనూ ఒకటే జవాబు వచ్చిందని వాడే చూసుకుంటాడు.

ఇక సరిచూసుకోవడం గురించి. ఇది నేను నా తప్పుతో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి లెక్కే, అంకెలు వేరు, బోర్డు మీద చేస్తూ ‘మిగిలినవాటిలో సగం’ అనాల్సిన చోట మొత్తంలో సగం తీసుకున్నాను. జవాబు చక్కగా పూర్ణ సంఖ్య వచ్చింది, సరిచూస్తే సరిపోయింది కూడా. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి, వాళ్ల నాన్న యార్డులో హమాలీ, “మేడమ్, సోమవారం పోయిన టిక్కీలు మంగళవారం మళ్లీ ఎలా వచ్చాయి?” అంది. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. నీ లెక్కలోనూ అదే తప్పు చేసి చూడు, జవాబు 750 వస్తుంది. 750లో 300 పోతే 450, సగం 375, 5 తక్కువ 370, 450లోంచి 370 పోతే 80. సరిపోయినట్టే కనబడుతుంది! ఎందుకంటే ఏ తప్పు అర్థంతో లెక్క చేశామో అదే అర్థంతో సరిచూసుకున్నాం. అందుకని సరిచూసేటప్పుడు వాడి తెలుగు వాక్యాలు మూసేసి, పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యాన్ని నువ్వు మొదటి నుంచి చదువు, వాడు అంకెలు చెప్పాలి. 250లో 100 పోయాయి, 150 ఉన్నాయి, అందులో సగం 75, 5 తక్కువ 70, ఇంకా 80. అదే 750తో చేస్తే 450లో సగం 225, అమ్మింది 220, మిగిలేవి 230, అక్కడే దొరికిపోతుంది.

బ్రాకెట్ వేయకుండా తప్పు చేస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది, 283 పైన ముక్క వస్తుంది, టిక్కీలో ముక్క ఉండదు కదా.

ఇంకొక్క సంగతి. ఇవన్నీ చేసినా వాడు ఆగిపోతుంటే తప్పు భాషలో ఉందో లెక్కలో ఉందో తేల్చుకో. అదే కథ తెలుగులో నోటితో చెప్పు, 250 టిక్కీలు ఉన్నాయని ముందే చెప్పేసి చివరికి ఎన్ని మిగిలాయో అడుగు. 80 అని చెప్పగలిగితే వాడికి భిన్నాలు వచ్చు, ఇంగ్లీషు వాక్యం దగ్గరో x దగ్గరో ఆగుతున్నాడు. అదీ చెప్పలేకపోతే అనువాదం ఎంత చేయించినా లాభం లేదు, వారం రోజులు వాటాలూ భిన్నాలే చేయించాలి. వాళ్ల స్కూల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకం ఇచ్చి ఉంటే, తెలుగు పేజీ మూసి ముందు వాడి సొంత తెలుగు రాయించు, తర్వాత తెరిచి పోల్చుకోమను. పరీక్షలో జవాబు ఇంగ్లీషులోనే రాయాలి కాబట్టి ఈ ఎడమ పక్క తెలుగంతా రఫ్ వర్కే అని వాడికి ముందే చెప్పు.

ఇది అయ్యాక రేపటికి ఇంకొకటి ఇవ్వు. ఇదే వ్యాపారి, సోమవారం నాలుగో వంతు అమ్మాడు, మంగళవారం ‘టెన్ మోర్ దాన్ వన్ థర్డ్ ఆఫ్ ద రిమైండర్’ అమ్మాడు, 110 మిగిలాయి. 240 రావాలి. 288 వచ్చిందంటే మంగళవారం మూడో వంతు దేనిలోంచి తీశావని వాణ్ణే అడుగు. చేసిన పేజీ ఫోటో తీసి పంపించు, చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ