పరుపు కుంగింది, వాయిదాలు ఆపాలా?

"పద్నాలుగు నెలల క్రితం 24,000 రూపాయల ఫోమ్ పరుపును ఆన్‌లైన్‌లో వాయిదాల మీద కొన్నాను. నడుము ఆనే చోట గుంట పడింది. పదేళ్ల వారంటీ ఉన్నా, అది సహజమేనంటున్నారు. మిగిలిన నాలుగు వాయిదాలు ఆపేసి వేరేది కొనుక్కోనా?" – ఒక పాఠకురాలు, కావలి

వాయిదాలు మాత్రం ఆపకండి. పరుపు కంపెనీకి డబ్బు ఎప్పుడో ముట్టింది. మీరు ఇప్పుడు కడుతున్నది అప్పిచ్చిన సంస్థకు. ఆపితే ఆలస్య రుసుము, క్రెడిట్ స్కోరు దెబ్బ మీకే.

కొత్తది కొనే ముందు ఆ గుంటను కొలవండి. దుప్పటి తీసేసి, ఎవరూ కూర్చోకుండా, పరుపు ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం బిగించి పట్టండి. గుంట బాగా లోతున్న చోట దారం నుంచి పరుపు వరకు స్కేలు పెట్టి ఫోటో తీయండి. చాలా వారంటీ పత్రాలు అంగుళం, కొన్ని అంగుళంన్నర దాటితేనే లోపమంటాయి. పడుకున్నప్పుడు ఎంత దిగిందన్నది లెక్కలోకి రాదు. అందుకే మీకు నడుము నొప్పి ఉన్నా వాళ్లు సహజమనగలరు.

తర్వాత పరుపును నేల మీద పరిచి మళ్లీ కొలవండి. గుంట మాయమైతే తప్పు మంచానిది. నెల్లూరులో మా ఇంట్లో ఇదే జరిగింది: నెల రోజులు పరుపును తిట్టుకున్నాక, మంచం నడిమి చెక్క వంగిందని తెలిసింది. ప్లైవుడ్ షీటు వేయించడంతో సరిపోయింది. చెక్కల మధ్య సందులు ఎక్కువగా ఉన్నా కంపెనీలు క్లెయిమును తోసిపుచ్చుతాయి. మరకలున్నా అంతే.

నేల మీద కూడా గుంట అలాగే ఉంటే, బిల్లు, ఫోటోలు జతచేసి ఈమెయిల్‌లో క్లెయిము పెట్టండి. ఫోన్లో చెప్పింది రుజువు కాదు. పరుపును ఊరికే మారుస్తారా, వాడిన కాలానికి కోత పెడతారా, రవాణా ఖర్చు ఎవరిది అన్నవి రాతపూర్వకంగా అడగండి. మొదటి ఏడాది నుంచే కోత అనుకుందాం: 120 నెలల్లో 14 నెలలంటే 24,000కు 2,800 రూపాయలు. రవాణాకు మరో 2,000 పడినా 4,800లో పని అవుతుంది. కొన్ని కంపెనీలు కోతను మీరు కట్టిన ధర మీద కాక, తగ్గింపుకు ముందున్న ముద్రిత ధర మీద లెక్కిస్తాయి. ఆ ధర 40,000 అయితే కోత సుమారు 4,670. అప్పుడు కూడా కొత్తదాని కంటే చాలా చవక.

కొలత అంగుళం దాటినా వినకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ ఊరిదైనా, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది, కాబట్టి గుంట ఎప్పుడు కనిపించిందో ఆ తేదీని ఈమెయిల్‌లోనే రాసిపెట్టండి.