టింటెడ్ మాయిశ్చరైజర్, బీబీ, సీసీ: ఏది ఫౌండేషన్‌కు బదులు?

ప్రశ్న: టింటెడ్ మాయిశ్చరైజర్, బీబీ క్రీమ్, సీసీ క్రీమ్‌లకు తేడా ఏమిటి? నాకు బుగ్గల మీద పాత మొటిమల మచ్చలున్నాయి. రోజూ ఫౌండేషన్ మానేసి వీటిలో ఏది వాడుకోవచ్చు?

జవాబు: ముందుగా మీ మచ్చలు ఎర్రగా ఉన్నాయో, గోధుమ రంగులో ఉన్నాయో పగటి వెలుతురులో చూసుకోండి, ఎందుకంటే ఎంపిక చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. నావి గోధుమ రంగు మచ్చలు. ఆ సంగతి పట్టించుకోకుండా, ఎక్కువ కప్పుతుందన్న నమ్మకంతో మొదట సీసీ క్రీమే కొన్నాను.

సీసీ అంటే రంగును సరిదిద్దేది. నేను కొన్నదానిలో ఆకుపచ్చ ఛాయ ఉంది. ఆకుపచ్చ ఎరుపును అణచివేస్తుంది కనుక తాజా మొటిమల ఎర్రదనానికి, ముక్కు పక్కల ఎరుపుకు అది చక్కగా పనిచేస్తుంది, అటువంటి వారికి ఫౌండేషన్ అవసరం తరచుగా ఉండదు. కానీ నా గోధుమ రంగు మచ్చల మీద అదే క్రీమ్ బూడిద పూసినట్లు తేలి, మచ్చలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. అటువంటి మచ్చలకు పీచ్ ఛాయ కావాలి, చర్మం బాగా ముదురు రంగులో ఉంటే నారింజ ఛాయ కావాలి.

టింటెడ్ మాయిశ్చరైజర్ కాస్త రంగు కలిసిన మాయిశ్చరైజర్ మాత్రమే. మచ్చలు లేని పొడి చర్మానికి అది హాయిగా సరిపోతుంది గాని, మన మచ్చలను దాచదు.

బీబీ, అంటే బ్లెమిష్ బామ్, ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ప్రస్తుతం నేను వాడుతున్నది ఇదే. సన్‌స్క్రీన్ రాసి అది చర్మంలో ఇంకాక, బఠాణీ గింజంత బీబీని వేళ్లతో పలుచగా పరుస్తాను. తరువాత ఒక్కొక్క మచ్చ మీద మాత్రమే పీచ్ రంగు కన్సీలర్ చుక్క పెట్టి, ఉంగరపు వేలితో అంచులను తడుతాను. రుద్దితే కిందున్న బీబీ కూడా లేచిపోతుంది. బీబీలోనే ఎస్‌పీఎఫ్ ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానకండి: ఎస్‌పీఎఫ్‌ను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల పూతతో కొలుస్తారు, అందం కోసం మనం రాసే పలుచని పూత దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. ఎండ తగిలితే గోధుమ రంగు మచ్చలు మరింత ముదురుతాయి.

ఈ పేర్లకు కచ్చితమైన ప్రమాణమేదీ లేదు కాబట్టి, ఒక కంపెనీ సీసీ మరో కంపెనీ ఫౌండేషన్ అంత చిక్కగా ఉండవచ్చు. పైగా వీటిలో షేడ్‌లు తక్కువ. కొనేముందు దవడ అంచున రాసి, 15 నిమిషాలు ఆగి, ఆరుబయట అద్దంలో చూడండి, కొన్ని క్రీములు గాలి తగిలాక ఒక ఛాయ ముదురుతాయి.

మచ్చలు విడివిడిగా కాక బుగ్గంతా పరుచుకుని ఉంటే, లేదా రోజంతా చెక్కుచెదరకుండా ఉండాల్సిన సందర్భమైతే ఫౌండేషనే వాడండి. అటువంటప్పుడు బీబీని రెండు మూడు పూతలు వేస్తే, కొన్ని గంటల్లోనే ముక్కు పక్కల ముద్దకట్టి, చేయి తగిలితే పొట్టులా రాలుతుంది.