నోటీసులో తిథి పక్కన తేదీ రాసేటప్పుడు

తిరుపతి

ప్రియమైన తమ్ముడికి ఆశీస్సులు.

మీ ఊరి గుడి ముక్కోటి ఏకాదశి నోటీసుకు నువ్వు ఇంగ్లీషులో రాసిన ప్రతి అందింది. భాష శుభ్రంగానే ఉంది గాని, తేదీలను మళ్లీ చూసుకోవాలి. అందుకు 2025 డిసెంబరు 30, మంగళవారం నాటి వైకుంఠ ఏకాదశిని ఉదాహరణగా తీసుకుంటాను. చిక్కులన్నీ ఆ ఒక్క రోజులోనే దొరుకుతాయి.

మొదట మాసం సంగతి చూద్దాం. వైకుంఠ ఏకాదశిని నిర్ణయించేది ధనుర్మాసం, అంటే సూర్యుడు ధనూరాశిలో ఉండే డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వరకు గల కాలం. అందులో వచ్చే శుద్ధ ఏకాదశి కొన్ని సంవత్సరాల్లో మన చాంద్రమానం ప్రకారం మార్గశిరంలోనూ, కొన్నింటిలో పుష్యంలోనూ పడుతుంది. 2025 డిసెంబరు 30 నాటిది పుష్య శుద్ధ ఏకాదశి. మన జిల్లాలో తమిళ పంచాంగం చూసే ఇళ్లు చాలా ఉన్నాయి, వారికి అదే రోజు మార్గళి నెల. నోటీసు రాయించే పెద్దలు వాడుకగా మార్గశిరం అంటే, నువ్వు తెలుగు పంచాంగంలో మార్గశిర శుద్ధ ఏకాదశిని వెతికి డిసెంబరు 1 వేశావనుకో, పండుగ నెల రోజులు ముందుకు జరిగిపోతుంది. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల్లోనూ ఇదే మెలిక ఉంది. 2025లో పంచమీ తీర్థం జరిగిన నవంబరు 25 చాంద్రమానంలో మార్గశిర శుద్ధ పంచమి. అందువల్ల ఉత్సవం పేరులోని మాసాన్ని పేరులోనే ఉంచు, తేదీని దానినుంచి లెక్కగట్టకు.

ఇక తిథి. చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు జరగడానికి పట్టే కాలమే తిథి కాబట్టి, అది ఒక్కోసారి సుమారు ఇరవై గంటల్లో ముగుస్తుంది, ఒక్కోసారి దాదాపు ఇరవై ఏడు గంటలు సాగుతుంది. తేదీ అర్ధరాత్రి మారుతుంది, తిథికి ఆ నియమం లేదు. ఆ ఏకాదశి దృక్ గణితం ప్రకారం మంగళవారం ఉదయం 7.50 ప్రాంతంలో మొదలై, మరునాడు తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో ముగిసింది. మంగళవారం సూర్యోదయానికి ఇంకా దశమే ఉంది. బుధవారం సూర్యోదయానికి ద్వాదశి వచ్చేసింది. ఏ సూర్యోదయానికీ తగలని ఇటువంటి తిథి వచ్చినప్పుడు, సూర్యోదయ తిథిని బట్టి తేదీ వేద్దామనుకున్నవాడికి ఏకాదశే కనిపించదు. స్మార్తులూ వైష్ణవులూ వేరువేరు రోజుల్లో ఆచరించే అవకాశం కూడా ఉంటుంది. తిరుమలలో డిసెంబరు 30నే జరిపారు. ఏ రోజన్నది మీ గుడి అర్చకస్వామి చెప్పాలి. నీ వంతు ఆయన చెప్పిన రోజును తప్పు లేకుండా తేదీగా రాయడమే.

అసలు పొరపాటు జరిగేది సమయం దగ్గర. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మరుసటి సూర్యోదయందాకా ఉంటుంది. కాబట్టి మంగళవారం వరుసలో "ఏ. తె. 5.00" అని, అంటే ఏకాదశి తెల్లవారుజామున 5 గంటల దాకా అని ఉంటే, అది ఇంగ్లీషు లెక్కలో బుధవారం, డిసెంబరు 31 ఉదయం 5 గంటలు. రాత్రి పన్నెండు దాటిన ప్రతి సమయానికీ, "తె." అని ఉన్న ప్రతి చోటా తేదీని ఒకటి పెంచాలి. సరిగా వేశావో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. మంగళవారం 5 గంటలకే ముగిసిందని రాస్తే, 7.50కి మొదలవ్వాల్సిన తిథి మొదలుకాకముందే అయిపోయినట్టవుతుంది. ముందు తిథి ముగింపునూ, తరువాత తిథి ముగింపునూ పక్కపక్కన రాసుకుంటే ఇటువంటి తప్పు ఇట్టే బయటపడుతుంది.

ఉత్తర ద్వార దర్శనం వేళకూ ఇదే జాగ్రత్త పాటించు. "30వ తేదీ అర్ధరాత్రి" అని రాస్తే సగం మంది సోమవారం రాత్రి వస్తారు, మిగతావారు మంగళవారం రాత్రి వస్తారు. "29 సోమవారం అర్ధరాత్రి దాటాక, అనగా 30 మంగళవారం తెల్లవారుజామున" అని రెండు తేదీలూ కనబడేలా రాయి, నాయనా. ఒక ముక్క ఎక్కువైనా ఫరవాలేదు, ముసలివాళ్లు చలిలో వచ్చి వెనక్కి పోకూడదు.

నెలను అంకెలో వేయవద్దు. 2025 జనవరి 10న వచ్చిన వైకుంఠ ఏకాదశిని 10-01-2025 అని వేస్తే, అమెరికాలో ఉన్న మీ ఊరివాళ్లు అక్టోబరు ఒకటి అని చదువుతారు. వారం పేరు, తేదీ, అక్షరాల్లో నెల, సంవత్సరం, ఈ నాలుగూ ఉండాలి. వారం తేదీకి సాక్షి, రెండూ కుదరకపోతే ప్రెస్సుకు ఇవ్వకముందే పట్టుకోవచ్చు. విశ్వావసు అని సంవత్సరం పేరు వేసి పక్కన 2025 అని సమానంగా పెట్టవద్దు. ఆ సంవత్సరం 2025 ఉగాదికి మొదలై 2026 ఉగాది ముందురోజు దాకా నడిచింది.

తిథి, మాసాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో పైవరుసలో అలాగే ఉంచి, కింద తేదీ ఇవ్వు. "పదకొండవ చాంద్ర దినం" వంటి అనువాదం పండుగ తెలిసినవారికి అక్కరలేదు, తెలియనివారికి ఉపయోగపడదు. అర్చకస్వామితో మాట్లాడి సరిచేసిన ప్రతిని, ఆయన చూసిన పంచాంగం పేజీ ఫోటోతో సహా పంపు. ప్రెస్సుకు వెళ్లేలోగా రెండూ సరిచూసి ఇస్తాను.

శుభాకాంక్షలతో,
నీ అన్న