ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చే ఫోన్‌లో వేలిముద్రలు ఉండిపోతాయా?

ప్రశ్న: గాజువాకలో ఉంటాం. నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నాం. వేలిముద్ర, ముఖం ఫోన్ లోపల ఏదో భద్రమైన చిప్‌లో దాస్తారట కదా. రీసెట్ చేస్తే ఫొటోలూ అవీ పోతాయి సరే, ఆ చిప్‌లో ఉన్నవి కూడా పోతాయా? ఆధార్‌కి ఇచ్చినవీ అవే వేళ్లు కదా అని నాన్నగారు ఒప్పుకోవట్లేదు.

జవాబు:

పోతాయండీ, నిశ్చింతగా ఇచ్చేయొచ్చు. కాకపోతే ఇచ్చే ముందు గూగుల్ ఖాతా సంగతి ఒకటి చూసుకోవాలి, అది చివర్లో చెప్తాను.

నేను మధురవాడ వైపు ఒక కంపెనీలో డబ్బులు పంపే యాప్ మీద పనిచేస్తాను. వేలు పెడితే యాప్ తెరుచుకునే భాగం నా పనే. ఇన్నాళ్లలో ఎవరి వేలిముద్రా నా కోడ్ కంట పడలేదు, పడే వీలూ లేదు. ఫోన్ నుంచి నా యాప్‌కి వచ్చేది "ఈ వేలు ఫోన్‌లో నమోదైనదే" అన్న కబురు, దాంతోపాటు ఆ కబురు నకిలీ కాదని తేల్చే సంతకం. అంతే.

లోపల జరిగేది ఇది. సెన్సర్ మీద వేలు పెట్టగానే ఆ బొమ్మ ఆండ్రాయిడ్ చేతికి రాకుండా, ప్రాసెసర్‌లోనే వేరు చేసి పెట్టిన ఒక భాగానికి వెళ్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది విడి చిప్ కాదు. అదే ప్రాసెసర్, కానీ ఆ భాగానికి వేరే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, వేరే మెమరీ ఉంటాయి. ఈ ప్రాసెసర్లని డిజైన్ చేసే ఏఆర్ఎమ్ కంపెనీ వాళ్లు దీనికి పెట్టిన పేరు ట్రస్ట్‌జోన్. ఫోన్ రూట్ చేసినవాడు, అంటే అడ్డులన్నీ తీసేసి ఆండ్రాయిడ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్నవాడు కూడా, ఆండ్రాయిడ్ వైపు నుంచి అందులోకి తొంగి చూడలేడు. ఆపిల్ అయితే 2013లో ఐఫోన్ 5ఎస్‌తో మొదలుపెట్టి సెక్యూర్ ఎన్‌క్లేవ్ అని ఏకంగా వేరే ప్రాసెసరే పెట్టింది. అది కూడా ప్రధాన చిప్ లోపలే ఉంటుంది.

ఆ భాగం వేలి బొమ్మని దాచుకోదు. గీతలు ఎటు తిరిగాయి, ఏ కోణంలో వంగాయి లాంటి లెక్కలు తీసుకుని బొమ్మని పారేస్తుంది. ఆ లెక్కల మూటనే టెంప్లేట్ అంటారు. "టెంప్లేట్ నుంచి వేలిముద్ర మళ్లీ తయారు చెయ్యడం అసాధ్యం" అని చాలాచోట్ల రాస్తుంటారు, అది పూర్తిగా నమ్మకండి. కొన్ని రకాల టెంప్లేట్ల నుంచి దగ్గరి పోలికతో ముద్ర తయారు చెయ్యొచ్చని పరిశోధకులు ఎప్పుడో చేసి చూపించారు. అందుకే దాన్ని తాళం వెయ్యకుండా ఎక్కడా పెట్టరు.

మరి ఆ టెంప్లేట్ ఉండేది ఎక్కడ? భద్రమైన భాగానికి సొంత నిల్వ చాలా తక్కువ. కాబట్టి టెంప్లేట్‌ని అక్కడే ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ ఫైల్‌ని మీ ఫొటోలుండే మామూలు స్టోరేజ్‌లోనే ఒక మూల పెడుతుంది. మా ఆఫీసులో పరీక్షలకి వాడే రూట్ చేసిన ఫోన్‌లో నేను చూశాను, దారి ఇలా ఉంటుంది:

```
/data/vendor_de/0/fpdata
```

తెరిచి చూస్తే అర్థం లేని బైట్లు. దాన్ని అదే మోడల్ ఇంకో ఫోన్‌లోకి కాపీ చేసినా పనికిరాదు, ఎందుకంటే దాన్ని విప్పే తాళంచెవి మొదటి ఫోన్ చిప్‌లోంచి పుడుతుంది. ఫ్యాక్టరీలో చిప్ తయారయ్యేటప్పుడే ఒక రహస్య సంఖ్యని అందులో శాశ్వతంగా ముద్రిస్తారు, ప్రతి చిప్‌కీ వేరు. చిప్ దాన్ని వాడుకుంటుందే గానీ బయటికి చదివి చెప్పదు.

ఇప్పుడు మీ అసలు సందేహం: ఆ ముద్రించిన సంఖ్య రీసెట్‌తో పోతుందా? పోదు. అది చిప్ పుట్టుకతో వచ్చింది, మీ నాన్నగారి వేలికీ దానికీ సంబంధం లేదు. పోయేది వేరే ఇంకో తాళంచెవి. బ్యాంకు లాకర్ గుర్తు తెచ్చుకోండి, బ్యాంకు చెవీ మన చెవీ రెండూ పెడితే గానీ తెరుచుకోదు. టెంప్లేట్ ఫైల్ మీద కూడా రెండు పొరలున్నాయి. లోపలి పొర చిప్ చెవితో వేసింది. బయటి పొర ఫోన్ స్టోరేజ్ మొత్తానికీ వేసిన ఎన్‌క్రిప్షన్, దాని చెవి ఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు పుడుతుంది. రీసెట్ ముందుగా ఈ రెండో చెవిని నాశనం చేసి, ఆ తర్వాత స్టోరేజ్‌ని కొత్తగా సిద్ధం చేస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా పాత బైట్లు కొన్ని ఏరుకొచ్చినా, వాటిని చదివే చెవి ప్రపంచంలో ఎక్కడా ఉండదు. అరవై నాలుగు జీబీ ఫోన్ రెండు నిమిషాల్లో రీసెట్ అయిపోతే "ఇంత తొందరగా ఏం చెరిపిందీ?" అనిపిస్తుంది కదా, అన్నీ తుడుస్తూ కూర్చోనక్కర్లేదు కాబట్టే అంత తొందర.

మరీ పాత ఫోన్ అయితే ఒక మాట. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి ఈ స్టోరేజ్ ఎన్‌క్రిప్షన్ అన్నిటికీ తప్పనిసరి. అంతకుముందు వచ్చిన చవక ఫోన్లలో కొన్నిటికి అది లేదు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద Encrypted అని కనిపిస్తే బయటి పొర ఉన్నట్టే. లేదని తేలినా వేలి టెంప్లేట్ మీద లోపలి పొర ఉండనే ఉంటుంది. ఆ ఫోన్లలో భయపడాల్సింది ఫొటోల గురించి.

మా బాబాయిదీ మీ నాన్నగారి భయమే. స్టీల్‌ప్లాంట్ రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. బొటనవేలి గీతలు అరిగిపోయి సెన్సర్ పట్టక, అదే వేలిని రెండుసార్లు నమోదు చేసుకున్నాడు, పైన చూపుడువేలు ఒకటి. (గీతలు అరిగినవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే ఉపాయం.) మాటలతో చెప్తే ఆయన వినే రకం కాదు. అందుకని యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే adb అనే టూల్‌తో ఇది కొట్టాను:

```
adb shell dumpsys fingerprint
```

చాలా వస్తుంది గానీ, అందులో చూడాల్సింది ఇంతే:

```
"prints":[{"id":0,"count":3,
```

మూడు. తర్వాత సెట్టింగ్స్‌లోంచి రీసెట్ చేసి, ఏ ఖాతా ఇవ్వకుండా ఫోన్ తెరిచి, మళ్లీ అదే కమాండ్ కొడితే `count` దగ్గర 0. "సున్నా అంటే సున్నాయేనా?" అని రెండుసార్లు అడిగి, కొత్త పిన్ పెట్టించి, పాత బొటనవేలు ఆనించి చూశాడు. లోపల ఏ వేలూ లేదు కాబట్టి ఫోన్ ఆ వేలిని పట్టించుకోనే లేదు. అప్పుడు ఇంకోసారి రీసెట్ చేసి డాబాగార్డెన్స్‌లో షాపుకి ఇచ్చాం.

కమాండ్లు అక్కర్లేదనుకుంటే మీ కళ్లముందే ఇంకో రుజువు దొరుకుతుంది. పాత ఫోన్ నుంచి కొత్తదానికి అన్నీ మార్చుకున్నప్పుడు కాంటాక్టులు, ఫొటోలు, వాల్‌పేపర్ దాకా వస్తాయి, వేళ్లు మాత్రం రావు, మళ్లీ నమోదు చేసుకోవాల్సిందే. గూగుల్ బ్యాకప్‌లోకీ ఐక్లౌడ్‌లోకీ టెంప్లేట్ వెళ్లదు. బ్యాంకు యాప్ కూడా కొత్తగా ఎంపిన్ అడుగుతుంది, ఎందుకంటే వేలితో తెరుచుకునే ఆ యాప్ తాళంచెవి పాత ఫోన్ చిప్ దాటి రాలేదు. పాత ఫోన్‌లోనే కొత్త వేలు చేర్చినా మా యాప్ మళ్లీ పిన్ అడుగుతుంది. చాలామంది దీన్ని లోపమనుకుని మాకు ఫిర్యాదు పెడతారు. మేం కావాలని అలా పెట్టాం: ఫోన్ పిన్ తెలిసిన ఇంట్లో కుర్రాడు తన వేలు చేర్చుకుని తాతగారి ఖాతాలోకి దూరకుండా.

ముఖం సంగతీ ఇంతే, టెంప్లేట్ రీసెట్‌తో పోతుంది. కాకపోతే చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో ముఖాన్ని చూసేది మామూలు సెల్ఫీ కెమెరాయే, అందుకే దాంతో స్క్రీన్ తెరుచుకుంటుంది గానీ బ్యాంకు యాప్‌లు ఒప్పుకోవు. ఐఫోన్ ఫేస్ ఐడీ ముఖం మీదికి 30,000కి పైగా పరారుణ చుక్కలు వేసి లోతు కొలుస్తుంది కాబట్టి దాన్ని ఒప్పుకుంటాయి.

ఆధార్ విషయం నాన్నగారికి విడిగా చెప్పండి. ఫోన్ సెన్సర్ చదివిన వేలు ఆధార్ దగ్గరికి వెళ్లదు, ఆధార్‌కి ఇచ్చిన వేలు ఫోన్‌లోకి రాదు. ఊళ్లో డబ్బులు తీసిచ్చే మిషన్ల దగ్గర ఆనించేది ఆధార్ వాళ్ల దగ్గర నమోదైన వేరే స్కానర్. ఆ వేలిముద్రలతో మోసం జరుగుతుందనే ఆయన భయమైతే, ఆధార్ వాళ్ల అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించండి. అది ఉన్నంతకాలం ఎవరు వేలు ఆనించినా లావాదేవీ సాగదు. ఆయనకి కావాల్సినప్పుడు కాసేపు తీసుకోవచ్చు. ఫోన్ రీసెట్‌తో దీనికి పని లేదు.

ఇక మొదట్లో అన్న గూగుల్ ఖాతా. రీసెట్ తర్వాత కూడా నిలిచి ఇబ్బంది పెట్టేది అదే. ఆండ్రాయిడ్ 5.1 నుంచి, వాల్యూమ్ బటనూ పవర్ బటనూ నొక్కిపట్టి రికవరీలోంచి రీసెట్ చేస్తే, ఫోన్ తెరిచినవాళ్లని పాత ఖాతానే అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన తాళం ఇది, షాపులవాళ్లు "ఎఫ్ఆర్‌పీ పడింది" అనేది దీన్నే. ఎఫ్ఆర్‌పీ పడిన ఫోన్ తెస్తే ఎక్స్ఛేంజ్ ధర కోసేస్తారు, లేదా అసలు తీసుకోరు. కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేసి, సిమ్‌తోపాటు మెమరీ కార్డు కూడా బయటికి తీసి (మనం కావాలని పెట్టుకుంటే తప్ప కార్డుకి ఎన్‌క్రిప్షన్ ఉండదు), అప్పుడు సెట్టింగ్స్‌లోంచే రీసెట్ చెయ్యండి. ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆపి, Erase All Content and Settings.

స్క్రీన్ పగిలి టచ్ పనిచెయ్యకపోతే ఓటీజీ కేబుల్‌తో మౌస్ తగిలించండి, చాలా ఫోన్లలో బాణం గుర్తు వస్తుంది, ఈ పనంతా దాంతోనే చేసుకోవచ్చు.